ముగ్గు పక్కన చుంచు

పొద్దున్న ఐదున్నరకి మా ఇంట్లో అలారం అక్కర్లేదు. కళ్ళాపి జల్లడానికి అమ్మ బకెట్‌తో వీధి తలుపు తీసిందంటే, వారంలో రెండు రోజులైనా ఒక కేక వినపడేది. "ఒసేయ్, లే! నీ కూతురు మళ్ళీ తెచ్చింది చూడు!"

నా కూతురంటే జున్ను. బూడిద రంగు మీద నల్ల చారలున్న పిల్లి. వయసు రెండున్నరేళ్ళు. ఆపరేషన్ చేయించేశాం కాబట్టి పిల్లల గొడవ లేదు. కాకినాడలో మాది పాత డాబా ఇల్లు. వెనక ఖాళీ స్థలంలో తుప్పలు, పక్కనే కిరాణా కొట్టువాళ్ళ గోడౌను. అంటే మా జున్ను ఉంటున్నది ఎలుకల సంతలో అనుకోండి. తెల్లారేసరికి గుమ్మం ముందు, సరిగ్గా అమ్మ ముగ్గు పెట్టే చోట, ఒక ఎలుకో చుంచో కాళ్ళు చాపుకుని పడుండేది. పక్కనే ఇది ముడుచుకుని పడుకుని, అమ్మని చూసి ఒళ్ళు విరుచుకునేది.

"గుమ్మంలోకి లక్ష్మీదేవి రావాలి గాని ఇదేంటే?" అని అమ్మ. "వినాయకుడి వాహనాన్ని చంపి వాకిట్లో పెడుతోంది, మనకేం మూడుతుందో" అని నాన్న నవ్వు. అమ్మమ్మది మాత్రం వేరే లైను. "రోజూ అన్నం పెడుతున్నాం కదే, రుణం తీర్చుకుంటోంది. నోరులేని జీవానికి ఉన్న విశ్వాసం మనుషులకి లేదు" అనేది. నేనూ ఇన్‌స్టాలో అలాంటి రీల్స్ చాలానే చూశాను. పిల్లి ఎలుకని తెచ్చి ఇస్తే ప్రేమ అట, గిఫ్ట్ అట. కొందరైతే 'నీకు వేట రాదని జాలిపడి నేర్పిస్తోంది' అంటారు. రెండూ ముచ్చటగానే ఉంటాయి. ఏది నిజమో కనుక్కోవాలని నాకెప్పుడూ అనిపించలేదు. ఎత్తి పారేసే పని నాది కాదు కదా, అమ్మది.

పిచుక వచ్చిన రోజు కథ మారిపోయింది.

మా వరండాలో అమ్మ ఏటా వరికంకుల కుచ్చు వేలాడదీస్తుంది. అమ్మమ్మ వాళ్ళ ఊరి నుంచి వస్తుంది ఆ కుచ్చు. పిచుకలు వచ్చి గింజలు వలుచుకుని తింటుంటే, అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని చూస్తూ కూర్చుంటుంది. రోజు మొత్తంలో ఆమె ఊరికే కూర్చునే టైమ్ అదొక్కటే. ఆ రోజు గుమ్మంలో పడుంది మెడ కింద నల్లమచ్చ ఉన్న మగ పిచుక. రెక్క ఒకటి విడిపోయి ముగ్గు మీద పరుచుకుంది. అమ్మ కేక వేయలేదు. చీపురుతో తీసి, మట్టిలో పూడ్చి, చేతులు కడుక్కుని వచ్చి నెమ్మదిగా అంది. "నేనే పిలిచి గింజలు పెట్టి చంపించినట్టయింది. ఆదివారం మీ నాన్న చేపల మార్కెట్‌కి వెళ్తారుగా, గోనెసంచిలో వేసి అక్కడ వదిలేసి రమ్మంటాను. దానికక్కడ తిండికి లోటుండదులే."

అమ్మ అరిస్తే భయం లేదు. ఇలా మెల్లగా మాట్లాడితేనే భయం. మార్కెట్లో ఇప్పటికే ఏరియా పంచుకున్న పిల్లులుంటాయి, కుక్కలుంటాయి. మెత్త మీద పడుకునే జున్ను వాటి మధ్య ఎన్నాళ్ళుంటుంది? కాళ్ళావేళ్ళా పడి కొంత గడువు అడిగాను. "ఇవి రాకుండా ఆపు. ఆపలేకపోతే సంచే" అంది అమ్మ. ఆపాలంటే ముందు అసలెందుకు తెస్తోందో తెలియాలి కదా.

బ్యాంక్ ఎగ్జామ్స్‌కి చదువుతున్న మనిషిని కాబట్టి, మొదట చేసిన పని ఫోన్ నోట్స్‌లో లెక్క రాయడం. ఏం తెచ్చింది, ఎక్కడ పెట్టింది, ఎంత తిన్నది. ఆరు వారాల్లో మొత్తం 11 వచ్చాయి. ఆరు చుంచులు, నాలుగు చిట్టెలుకలు, ఒక బల్లి. పిట్టలు రాలేదు, ఎందుకంటే కుచ్చు ఆ రోజే తీసేశాం. రాస్తూంటే ఒక తేడా కనిపించింది. చిట్టెలుకల్లో రెండింటికి తలకాయ లేదు. పిల్లి తినడం మొదలుపెట్టేది తల వైపు నుంచే. చుంచులు మాత్రం ఆరుకి ఆరూ చెక్కుచెదరలేదు.

చుంచు ఎలుకలాగే కనిపిస్తుంది గాని ఎలుక జాతి కాదు. మూతి సన్నగా పొడుగ్గా ఉంటుంది, కళ్ళు మరీ చిన్నవి, పురుగుల్ని తిని బతుకుతుంది. ఒంటి పక్కన ఉండే గ్రంథుల నుంచి ఘాటైన కంపు వస్తుంది. కదిలితే చాలు, పిల్లి వెంటపడి చంపేస్తుంది. చంపాక ఆ కంపుకి తినబుద్ధి కాదు. అంటే అమ్మమ్మ రుణం లెక్కలో సగానికి పైగా జున్ను కూడా నోట పెట్టుకోని సరుకన్నమాట. ఈ మాట చెబితే అమ్మమ్మ ఒప్పుకోలేదు. "పెళ్ళిళ్ళలో వచ్చే గిఫ్టులు మాత్రం ఇచ్చినవాళ్ళు వాడుకునేవా ఏంటి?" అంది. ఆ పాయింటుకి నా దగ్గర జవాబు లేదు.

లెక్కతో ఏం తెచ్చిందో తెలిసింది, ఎందుకో తెలియలేదు. అందుకని పాత ఫోన్‌ని చెప్పుల స్టాండ్‌లో ఆనించి, ఛార్జర్ గుచ్చి, వరండా లైటు వేసి రాత్రంతా వీడియో రికార్డింగ్ పెట్టాను. మొదటి రెండు రాత్రులు ఏమీ రాలేదు. మూడో రాత్రి స్టోరేజ్ నిండిపోయి మధ్యలో ఆగిపోయింది. నాలుగో రాత్రి దొరికింది.

టైము 4:50. జున్ను గోడ దిగి వస్తోంది, నోట్లో చుంచు. గుమ్మం దగ్గరికి వచ్చి కింద పెట్టింది. తలుపు వైపు చూస్తుందేమో, మమ్మల్ని పిలుస్తుందేమో అని ఫోన్ మీదకి వంగిపోయాను. చూడలేదు, పిలవలేదు. వెనక్కి తిరిగి వీధి వైపు రెండుసార్లు చూసింది, ఎవరైనా వెంట వచ్చారా అన్నట్టు. చుంచుని వాసన చూసి మూతి తిప్పుకుంది. తర్వాత నాలుగడుగులు వేసి, అరుగు మీదున్న తన స్టీలు గిన్నెలో రాత్రి మిగిల్చిన అన్నం తిన్నది. మళ్ళీ వచ్చి చుంచుని ముంగాలితో ఒకసారి తట్టింది. అది కదల్లేదు. మూతి నాక్కుని పక్కనే పడుకుంది. 5:30కి అమ్మ తలుపు తీసేదాకా అంతే. ఆ తర్వాత స్క్రీన్ మీద అమ్మ కేక.

ఆ వీడియో చూశాక వెతికి చదివినవాటిలో రెండు బాగా పట్టుకున్నాయి. రాబర్ట్ ఆడమెక్ అనే ఆయన 1976లో ఒక ప్రయోగం రాశారు. పిల్లులు తమకి ఇష్టమైన తిండి తింటూండగా, కాస్త దూరంలో బతికున్న ఎలుకని వదిలారు. పిల్లులు తిండి వదిలేసి వెళ్ళి ఎలుకని చంపాయి. చంపి అక్కడే తినలేదు. దాన్ని తెచ్చి గిన్నె దగ్గర పెట్టుకుని, మళ్ళీ గిన్నెలోదే తిన్నాయి. చదువుతుంటే నాకు మా వరండాయే కళ్ళ ముందు కనిపించింది. వేటాడాలన్న తపన, ఆకలి ఒకటే స్విచ్ మీద నడవవు. అడవిలో ఎలుక ఎప్పుడు దొరుకుతుందో తెలియదు, ఒక ఎలుకతో పిల్లికి రోజు గడవదు. కాబట్టి ఆకలి వేసేదాకా ఆగకుండా కనిపించినప్పుడే పట్టుకునే పిల్లే బతికి బట్టకట్టింది. మనం అన్నం పెట్టినంత మాత్రాన ఆ తపన పోదు.

మరి ఇంటిదాకా మోసుకురావడం దేనికి? పిల్లుల ప్రవర్తన మీద ఏళ్ళ తరబడి పనిచేసిన బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ బ్రాడ్‌షా 2013లో 'క్యాట్ సెన్స్' అనే పుస్తకం రాశారు. ఆయన చెప్పేది సూటిగా ఉంటుంది. పట్టిన చోటే కూర్చుని తింటే ఇంకో పిల్లి వచ్చి లాక్కోవచ్చు, కుక్క రావచ్చు. అందుకని తనకి భయం లేని చోటికి తెచ్చుకుంటుంది. తీరా వచ్చాక, ఇక్కడ గిన్నెలో ఉన్నది దీనికంటే రుచి అని గుర్తొస్తుంది. దాంతో తెచ్చింది అక్కడే వదిలేస్తుంది. గిఫ్టూ లేదు, రుణమూ లేదు. మన గుమ్మం దానికి డైనింగ్ టేబులు.

నిజమైతే, గిన్నె జరిపితే శవం కూడా జరగాలి కదా? అరుగు మీద గిన్నె ఉండటానికి కారణం జున్ను కాదు, అమ్మమ్మ. అక్కడ కూర్చుని వీధి చూస్తూ దానికి తినిపించడం ఆమె అలవాటు. ఆమెని బతిమాలి గిన్నెనీ, అది పడుకునే పాత బొంతనీ పెరటి వరండాలోకి మార్చాను. మొదటి మూడు రోజులు జున్ను అరుగు మీదే కూర్చుని అలిగింది, తర్వాత సర్దుకుంది. ఆ రెండు వారాల్లో నాలుగు వచ్చాయి. మొదటిది పాత చోటే, వీధి గుమ్మంలో. తర్వాత మూడూ పెరట్లో, గిన్నెకి మూరెడు దూరంలో. అమ్మ ముగ్గు శుభ్రంగా ఉంది. ఒక పిల్లి, నాలుగు చుంచులు. దీన్ని రీసెర్చ్ అంటే నవ్వుతారు గాని, ఆ వారం నేను రాసిన మాక్ టెస్టులన్నిటికంటే ఇదే ఎక్కువ సంతోషం ఇచ్చింది.

ఇక్కడితో అయిపోతే బావుండేది. కానీ 'నేర్పిస్తోంది' అన్న మాటని పూర్తిగా కొట్టిపారేయడానికి నాకు మనసొప్పలేదు. కారణం మా మేడ మీద ఈనిన వీధి పిల్లి. దాని పిల్లలకి నెల దాటాక మొదట చచ్చిన చిట్టెలుకని తెచ్చి వాటి ముందే తిన్నది. కొన్నాళ్ళకి తినడం మానేసి, తెచ్చి వాటికే వదిలింది. ఇంకొన్నాళ్ళకి కొనఊపిరితో ఉన్నదాన్ని తెచ్చి వదిలి, అవి తడబడుతుంటే పక్కన కూర్చుని చూసింది. ఎలుక పారిపోబోతే తనే వెళ్ళి పట్టుకొచ్చి మళ్ళీ వదిలింది. తల్లి పిల్లులన్నీ ఇంచుమించు ఈ వరసలోనే నేర్పిస్తాయి. ఆపరేషనైన ఆడపిల్లుల్లో కూడా ఈ తల్లి బుద్ధి మిగిలి ఉంటుందనీ, మనల్ని పిల్లల కింద లెక్కేస్తుందనీ చెప్పినవాళ్ళలో జర్మన్ శాస్త్రవేత్త పాల్ లేహౌజెన్ పెద్ద పేరు.

తేడా ఎక్కడ కనిపించిందంటే, ఆ తల్లి పిల్లి ఎలుకని నోట కరుచుకునే గొంతులోంచి ఒక మూలుగులాంటి పిలుపు పిలిచేది. పిల్లలు పరిగెత్తుకొచ్చేదాకా ఆపేది కాదు. వచ్చాక వాటినే చూస్తూ కూర్చునేది. వీడియోలో జున్ను అదేదీ చేయలేదు. పైగా మగపిల్లులు కూడా ఇళ్ళకి తెస్తాయి, వాటికి పిల్లలకి నేర్పే అలవాటే లేదు. అందుకే నా ఓటు బ్రాడ్‌షాకే. కానీ ఒకే ఒక్కసారి, మధ్యాహ్నం పూట, నేను చదువుకుంటుంటే జున్ను నోట్లో చిట్టెలుకతో నా గది గుమ్మంలో నిలబడి అచ్చం అలాంటి మూలుగే మూలిగింది. నేను కుర్చీ ఎక్కాను. కింద పెట్టింది, నన్ను చూసింది, మళ్ళీ ఎత్తి రెండడుగులు దగ్గరికి తెచ్చి పెట్టింది. ఆ రోజు దాని మనసులో ఏముందో నేను పందెం కాయను.

సరే, చోటు మారింది. కానీ అమ్మ అడిగింది చోటు మార్చమని కాదు, ఆపమని. గడువు దగ్గరపడుతోంది.

దీనికి పనికొచ్చింది ఇంగ్లండ్‌లో చేసిన ఒక పెద్ద పరిశీలన. ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్ళు 2021లో ప్రచురించారు. 219 ఇళ్ళు, 355 పిల్లులు, అన్నీ వేటాడేవే. ఒక్కో గుంపుకి ఒక్కో మార్పు చేసి, ఇంటికి తెచ్చేవి ఎన్ని తగ్గాయో లెక్కపెట్టారు. మెడలో గంట కడితే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నేనప్పటికే గంట కొన్నాను, 60 రూపాయలు పోయాయి. రోజూ ఐదు పది నిమిషాలు దానితో వేట ఆట ఆడితే 25 శాతం తగ్గాయి. ధాన్యం లేకుండా మాంసం ఎక్కువున్న తిండి పెడితే 36 శాతం తగ్గాయి.

ఆ తిండి లెక్క చదివి మా గిన్నె వైపు చూశాను. పెరుగన్నం. మా ఇంట్లోనే కాదు, మన ఊళ్ళలో చాలా పిల్లులకి అదే, లేకపోతే పాలన్నం. పిల్లి శరీరానికి మాంసం సరదా కాదు, అవసరం. గుండెకీ కంటిచూపుకీ కావలసిన టారిన్ అనే పదార్థాన్ని అది తనకి సరిపడా తయారుచేసుకోలేదు, మాంసం నుంచే రావాలి. అన్నంలో అది లేదు. జున్ను కడుపు నిండుతోంది గాని ఏదో లోటు ఉండిపోతోందేమో. వేట అంతా దానివల్లే అనను. కానీ పిచుకల పాపంలో మన పెరుగన్నం వాటా కొంతైనా ఉంటుంది.

పెరుగన్నం మానేశాం. పొద్దున్న ప్యాకెట్ క్యాట్‌ఫుడ్, రాత్రి నాన్న తెచ్చే కవళ్ళు ఉడకబెట్టి ముల్లు తీసి పెట్టడం. ఉప్పూ కారం ఉండవు, ఉల్లీ వెల్లుల్లీ అసలే ఉండవు, అవి పిల్లికి విషం. సాయంత్రం చీకటి పడేముందు పది నిమిషాలు ఆట. కర్రకి తాడు, తాడు చివర గుడ్డముక్క. దాన్ని దాని మొహం మీద ఊపితే లాభం లేదు. ఎలుకలాగా గోడవారగా పాకించాలి, మంచం కింద దాచాలి, అది పొంచి చూసే టైమ్ ఇవ్వాలి. చివర్లో ఒకసారి పట్టుకోనివ్వాలి, వెంటనే చేప పెట్టాలి. వేట ముగిసిందని దానికి తోచాలి కదా. ఆ తర్వాత తలుపులు మూసి, ఎండొచ్చేదాకా లోపలే ఉంచడం. ఈ చివరిదే అన్నిటికంటే కష్టం. మొదటి వారం తెల్లారగట్ల నాలుగింటికి తలుపు గీకుతూ మా అందరికీ నరకం చూపించింది.

తిట్టడం, చచ్చిన ఎలుకని ముక్కు ముందు పెట్టి కొట్టడం లాంటివి చేయకండి. అది వేటాడి ఎంతసేపయిందో! దెబ్బకీ ఎలుకకీ సంబంధం దానికి అర్థం కాదు. మీరంటే భయం మాత్రం పట్టుకుంటుంది. చప్పట్లూ గెంతులూ కూడా వద్దు. చేతికి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని, ఎత్తి, కవర్‌ని తిరగేసి మూటకట్టేసి, ఆ చోట బ్లీచింగ్ నీళ్ళు పోయాలి. ఎలుక ఉచ్చ వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది, వట్టి చేతులు పనికిరావు. అమ్మ ఇన్నాళ్ళూ చీపురుతో తీసి అదే చీపురుతో వాకిలి ఊడ్చేదని తెలిసి నాకే గుండె జారింది.

మధ్యలో ఒక రోజు అసలు భయం పట్టుకుంది. పట్టపగలు, ఎండలో, జున్ను పెరట్లోకి ఒక పెద్ద ఎలుకని తెచ్చింది. దెబ్బ లేదు, రక్తం లేదు, ఎలుక ఇంకా ఊపిరి పీలుస్తోంది, పారిపోయే ప్రయత్నమే లేదు. పందికొక్కంత ఎలుక పగటిపూట మత్తుగా దొరికిందంటే అనుమానించాలి. గోడౌనులో అడిగితే మందు బిళ్ళలు పెట్టామన్నారు. అప్పటికే జున్ను దాని చెవి కొరికింది. ప్యాకెట్ ఫోటో తీసుకుని పశువుల డాక్టర్ దగ్గరికి పరిగెత్తాం. అది రక్తం గడ్డకట్టనివ్వని రకం. ఎలుకని తిన్న పిల్లికి కూడా పాకొచ్చు, కానీ లక్షణాలు బయటపడటానికి మూడు నుంచి ఐదు రోజులు పట్టొచ్చు, విటమిన్ కె1 దీనికి విరుగుడు అన్నారాయన. ఇది తిన్నది చాలా తక్కువ కాబట్టి కనిపెట్టుకుని ఉండమన్నారు. చిగుళ్ళు గులాబీ రంగులో ఉన్నాయా, తెల్లగా పాలిపోతున్నాయా, నీరసపడుతోందా, ఊపిరికి ఇబ్బంది పడుతోందా చూడాలి. గంటల్లోనే చంపే మందులు వేరే ఉన్నాయి, అందుకే ప్యాకెట్ తప్పకుండా తీసుకెళ్ళాలి.

ఆ వారమంతా రోజూ పొద్దున్నా సాయంత్రం జున్ను పెదవి పైకెత్తి చిగుళ్ళు చూసింది ఎవరో తెలుసా? అమ్మ. "ఎర్రగానే ఉన్నాయే, పోనీలే" అనుకుంటూ కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూసేది. సంచి మాట ఆ వారం నుంచి ఎత్తలేదు. నేనూ గుర్తుచేయలేదు.

తిండి, ఆట, తలుపు మూయడం మొదలుపెట్టాక ఆరు వారాల్లో వచ్చినవి ఐదు. 11 నుంచి 5. మూడింటిలో ఏది పనిచేసిందో విడదీసి చెప్పలేను. వానలు కూడా పడ్డాయి, వానలో అది బయటికి పోదు. పైగా తెచ్చినవే మొత్తం కాదు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 55 పిల్లుల మెడలో చిన్న కెమెరాలు కట్టి చూస్తే, అవి పట్టినవాటిలో ఇంటికి వచ్చింది పావు వంతు కూడా లేదట. నా నోట్స్‌లో ఉన్నది గుమ్మం లెక్కే, తుప్పల్లో లెక్క జున్నుకే తెలియాలి. పిట్టలు మాత్రం మళ్ళీ రాలేదు. వరికంకుల కుచ్చుని ఈసారి మేడ మీద, చుట్టూ ఎక్కడా గోడగాని కొమ్మగాని అందని ఇనుప తీగకి కట్టాం. అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని ఇప్పుడు మెట్లెక్కుతోంది.

నిన్న పొద్దున్న మళ్ళీ కేక వినపడింది, ఈసారి పెరటి వైపు నుంచి. లేచి వెళ్ళేసరికి అమ్మ చేతికి అప్పటికే కవర్ తొడుక్కుని ఉంది. రాత్రి నాన్న తలుపు గడియ వేయడం మర్చిపోయారట. జున్ను చిట్టెలుకని తెచ్చి సరిగ్గా స్టీలు గిన్నెలో, మిగిలిన చేప ముక్క పక్కనే పెట్టి, తను బొంత మీద నిద్రపోతోంది.

"చూశావుటే, వడ్డించుకుని పడుకుంది" అంది అమ్మ. అమ్మమ్మ వెనకనుంచి తొంగిచూసి, "మనకేనే ఆ చేప ముక్క కూడా" అంది.